మిద్దె మీద రేకుల షెడ్డు: తుఫాను గాలికి కప్పు లేవకుండా స్క్రూలు, పర్లిన్లు, చూరు

ప్రశ్న: "మాది నాయుడుపేట. మొదటి అంతస్తు మిద్దె మీద 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవుతో కలర్ రేకుల షెడ్డు వేయిస్తున్నాం. ఒకవైపు వాలు, మూడు వైపులా గోడ, ముందు షట్టర్. వెల్డర్ పది అడుగులకొక ఫ్రేము, నాలుగు అడుగులకొక అడ్డపైపు, గాడి విడిచి గాడికి స్క్రూ, రెండు అడుగుల చూరు అంటున్నాడు. తుఫానుకు నిలుస్తుందా? ఎక్కడ ఏం మార్చాలి?"

సమాధానం:

ఈ కొలతలతో నిలవదు. మీరు చెప్పిన నాలుగు కొలతల్లో ఏది ముందు విఫలమవుతుందో లెక్క వేసి చూపిస్తాను. ఏ కొలత ఎందుకు మార్చాలో మీకు తెలిస్తేనే వెల్డర్‌తో మాట్లాడటం సులువవుతుంది. నేను తిరుపతిలో ఉంటూ ఈ ప్రాంతపు షెడ్లకు డిజైన్లు ఇస్తుంటాను. గాలికి లేచిపోయిన కప్పులను చూడటానికి వెళ్లినప్పుడల్లా ఒకే సంగతి కనిపిస్తుంది. రేకు నడుమ చిరగడం అరుదు. చూరు అంచు దగ్గరి మొదటి వరుస స్క్రూలు వదిలేస్తాయి, రేకు కింద గాలి దూరుతుంది, ఆ తర్వాత మిగిలిన వరుసలు ఒకదాని వెంట ఒకటి ఊడతాయి. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ అంచు గురించే ఉంటుంది.

ముందుగా గాలి వేగం. వార్తల్లో తుఫాను వేగం చెప్పేటప్పుడు అది కొన్ని నిమిషాల సగటు. కప్పును లేపేది ఆ సగటు కాదు, మధ్యలో వచ్చే క్షణిక విసురు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 110 నుంచి 120 కిలోమీటర్లు అన్నారు, విసుర్లు అంతకంటే ఎక్కువ. మన ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం (2015 ముద్రణ) మూడు సెకన్ల విసురు వేగాన్ని లెక్కకు తీసుకుంటుంది. అందులో చెన్నైకీ నెల్లూరుకూ సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. నాయుడుపేట ఆ రెండింటి నడుమ, తీరానికి దగ్గరగా ఉంది కాబట్టి 50 తీసుకోవాలి. చిత్తూరు వైపు లోపలికి వెళ్లే కొద్దీ ప్రమాణంలోని గాలి వేగాల పటంలో ఈ వేగం తగ్గుతుంది కాబట్టి, అక్కడ కట్టేవారు తమ ఊరు ఆ పటంలో ఏ వేగం కింద పడుతుందో చూసుకుని ఇదే లెక్కను చిన్న అంకెతో వేసుకోవచ్చు.

గాలి వేగాన్ని ఒత్తిడిగా మార్చే సూత్రం చిన్నదే.

p = 0.6 × V²

V స్థానంలో 50 వేస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువుకు సమానం. మీ షెడ్డు కప్పు నేల నుంచి దాదాపు 10 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఆ ఎత్తుకు ఈ అంకెలో మార్పు అక్కర్లేదు. చుట్టూ దట్టంగా ఇళ్లుంటే కొంత తగ్గించవచ్చు గానీ, మీ ఊళ్లో ఒక వీధి దాటితే పొలాలే కాబట్టి నేను తగ్గించను. వేగానికి వర్గం ఉందని గమనించండి: వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. మామూలు ఈదురుగాలికి పదేళ్లు నిలిచిన కప్పు తుఫానుకు కూడా నిలుస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

ఈ 150 కిలోలు కప్పును కిందికి నొక్కవు, పైకి లాగుతాయి. గాలి గోడకు తగిలి పైకి లేచి, కప్పు అంచు మీదుగా వంపు తిరిగేటప్పుడు రేకు పైన పీల్పు పుడుతుంది. ప్రమాణంలో ఇచ్చిన గుణకాల ప్రకారం తక్కువ వాలున్న ఒకవైపు కప్పుకు నడిమి భాగంలో ఈ పీల్పు ఆ 150 కిలోలకు దాదాపు 1.0 రెట్లు, మూలల్లోనూ అంచుల్లోనూ 2.0 రెట్ల దాకా ఉంటుంది. దీనికి లోపలి ఒత్తిడి కూడా కలుస్తుంది. కిటికీల సందుల నుంచీ షట్టర్ చుట్టూ ఉన్న ఖాళీల నుంచీ లోపలికి దూరిన గాలి రేకును కింది నుంచి నెడుతుంది. మీ షెడ్డులాంటి దానికి దీన్ని 0.5 రెట్లుగా తీసుకోవాలి, షట్టర్ ఊడిపడితే 0.7కు చేరుతుంది. రెండూ కలిపితే నడుమ 1.5 రెట్లు, అంటే చదరపు మీటరుకు 225 కిలోలు. అంచులో 2.5 రెట్లు, అంటే 375 కిలోలు. ఎదురుగా రేకు సొంత బరువు చదరపు మీటరుకు నాలుగైదు కిలోలు మాత్రమే. రేకుల మీద ఇసుక మూటలూ రాళ్లూ పాత టైర్లూ పెట్టే అలవాటు మన వైపు ఎక్కువ. పై అంకెలు చూస్తే ఆ మూటలు దేనికి సరిపోతాయో తెలుస్తుంది. పైగా రేకు లేచినప్పుడు ఆ రాళ్లే పక్కింటి మీద పడతాయి.

ఈ అంచు పట్టీ వెడల్పు కప్పు వెడల్పులో సుమారు 15 శాతం. మీ 6 మీటర్ల వెడల్పుకు అది 90 సెంటీమీటర్లు. నాలుగు వైపులా ఈ పట్టీ ఉంటుందని గుర్తుంచుకోవాలి. చెన్నై దగ్గర తీరం దాటే తుఫాను మీకు మొదట ఈశాన్యం నుంచి, తర్వాత తూర్పు నుంచి, చివరికి ఆగ్నేయం నుంచి గాలిని తెస్తుంది. కేంద్రం మీకు ఉత్తరంగా దాటితే దిక్కులు మరోలా తిరుగుతాయి. ఏ అంచూ సురక్షితమని ముందే చెప్పలేం.

ఇక స్క్రూల సంగతి. ఒక సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ మూడు విధాలుగా ఓడిపోతుంది. మొదటిది, స్క్రూ అలాగే ఉండి దాని తల చుట్టూ రేకు చిరిగి పైకి పోవడం. రెండోది, పలచని పైపు గోడలో మరలు పట్టు వదిలి స్క్రూ మొత్తం ఊడి రావడం. ఈ పట్టు పైపు గోడ మందాన్ని అనుసరించి ఉంటుంది, 2 మిల్లీమీటర్ల గోడలో ఉన్న పట్టులో 1.2 మిల్లీమీటర్ల గోడలో 60 శాతమే ఉంటుంది. మూడోది చాలామంది ఎరగనిది, తుఫానుకు ప్రత్యేకమైనది. గాలి ఒక్కసారి లాగి ఊరుకోదు. గంటల తరబడి విసురుకొక్కసారి లాగి వదులుతుంది, ప్రతి లాగుడుకూ స్క్రూ తల చుట్టూ రేకు కొద్దిగా వంగి తిరిగి వస్తుంది. తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే అక్కడ సన్నని బీటలు పుడతాయి, ఆ తర్వాత మామూలు బలానికే రేకు చిరుగుతుంది. 1974 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణాన్ని ట్రేసీ తుఫాను కూల్చినప్పుడు అక్కడి కప్పులు ఎక్కువగా పోయింది ఇలాగే. ఆ తర్వాతే అక్కడ రేకులనూ స్క్రూలనూ వేల సార్లు లాగి వదిలే పరీక్ష పెట్టారు, స్క్రూ తల కింద వెడల్పాటి లోహపు వాషర్లు వాడకంలోకి వచ్చాయి.

5.5 మిల్లీమీటర్ల స్క్రూ, 0.45 నుంచి 0.5 మిల్లీమీటర్ల రేకు, 2 మిల్లీమీటర్ల పైపు గోడ ఉంటే ఒక్కసారి లాగుడుకు స్క్రూ మూడు వందల కిలోలకు పైగా తట్టుకుంటుందని సూత్రాలు చెబుతాయి. భద్రత కోసం అందులో మూడో వంతుకు దిగి, బీటల సంగతి కూడా తలచుకుని నేను ఒక్కో స్క్రూకు 80 కిలోలకు మించి లెక్కలోకి తీసుకోను. ఇది నా నిర్ణయం. రేకు తయారీదారు పరీక్ష ఫలితం ఇస్తే దాన్నే వాడుకోవాలి.

ఇప్పుడు మీ వెల్డర్ కొలతలు పెట్టి చూద్దాం. రేకు గాళ్ల మధ్య 25 సెంటీమీటర్లు ఉందనుకుంటే, గాడి విడిచి గాడికి అంటే అర మీటరుకొక స్క్రూ. పర్లిన్ల మధ్య, అంటే వెల్డర్ చెప్పిన అడ్డపైపుల మధ్య, 1.2 మీటర్లు. కప్పు నడుమ ఒక్కో స్క్రూకు 0.5 × 1.2 × 225, అంటే 135 కిలోలు. 80 దాటింది. ప్రతి గాడికీ స్క్రూ వేసి, పర్లిన్ల దూరాన్ని 1.1 మీటర్లకు తగ్గిస్తే అది 62 కిలోలకు దిగుతుంది. అంచు పట్టీలో మాత్రం ప్రతి గాడికీ వేసినా 1.1 మీటర్ల దూరానికి 103 కిలోలు పడుతుంది, అందుకే అంచు పర్లిన్‌కూ దాని తర్వాతి దానికీ మధ్య 75 సెంటీమీటర్లే ఉండాలి, అప్పుడు 70 కిలోలవుతుంది. మీ 6 మీటర్ల వెడల్పుకు ఇది చక్కగా సరిపోతుంది: రెండు అంచుల్లోనూ 75 సెంటీమీటర్ల చొప్పున, నడుమ నాలుగు సమాన భాగాలు, మొత్తం ఏడు పర్లిన్లు. వెల్డర్ లెక్కలో ఆరు. అదనపు ఖర్చు ఒక్క పైపు, కొన్ని డబ్బాల స్క్రూలు.

ఇప్పుడు చూరు. మిగిలిన కప్పుకు పైన పీల్పు, లోపలి నుంచి కొంత నెట్టుడు ఉంటాయి. చూరుకు అలా కాదు. గోడకు తగిలిన గాలి నేరుగా చూరు అడుగు భాగాన్ని కొడుతుంది. కిందికి వాలిన చూరుకు ఈ అడుగు ఒత్తిడి 1.25 రెట్లని ప్రమాణం చెబుతుంది. పైన 2.0, కింద 1.25, కలిపి 3.25 రెట్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 490 కిలోలు. కప్పు మొత్తంలో ఇంత బలం మరెక్కడా ఉండదు. ఇక్కడే ఇంకో చిక్కుంది. చూరు అంచు పర్లిన్ దాటి వేలాడుతున్న భాగం కాబట్టి అది పైకి లేచేటప్పుడు రెండో పర్లిన్‌ను ఆనుకుని మొదటి పర్లిన్ మీది స్క్రూలను మరింతగా లాగుతుంది. రెండు అడుగుల చూరు, నాలుగు అడుగుల పర్లిన్ దూరం, అర మీటరుకొక స్క్రూ ఉంటే అంచు పర్లిన్ మీద మీటరు పొడవుకు చూరు వల్ల 294 కిలోలు, లోపలి సగం వల్ల 225, వేలాడే తిప్పుడు వల్ల మరో 73, మొత్తం 592 కిలోలు పడుతుంది. అంటే ఒక్కో స్క్రూకు 296 కిలోలు, మనం అనుమతించిన దానికి మూడున్నర రెట్ల కంటే ఎక్కువ. మీ కప్పు పోవడం మొదలైతే ఈ వరుస నుంచే మొదలవుతుంది.

చూరును ఒక అడుగుకు, అంటే 30 సెంటీమీటర్లకు తగ్గించి, రెండో పర్లిన్‌ను 75 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ప్రతి గాడికీ స్క్రూ వేస్తే అదే లెక్క మీటరుకు 147, 141, 29 కలిపి 317 కిలోలవుతుంది. ఒక్కో స్క్రూకు 79 కిలోలు. హద్దుకు సరిగ్గా లోపల ఉంది, మిగులు లేదు. అందుకే ఈ ఒక్క వరుసలో వెడల్పాటి లోహపు వాషర్లు వేయించమంటాను, చూరు ఒక అడుగు మించవద్దంటాను. స్క్రూలు ఒత్తుగా వేసి రెండు అడుగుల చూరు ఉంచుకోవచ్చా అని కొందరు అడుగుతారు. ప్రతి గాడికీ వేసినా స్క్రూకు 138 కిలోలు పడుతుంది కాబట్టి కుదరదు. వాన జల్లు గోడకు కొట్టకూడదంటే విడిగా, కప్పుతో సంబంధం లేని చిన్న సన్‌షేడ్ గోడకే బిగించుకోండి. గాలికి అది పోయినా కప్పు మిగులుతుంది. పొడవు వైపు చివరల్లోనూ రేకును గోడ దాటి ఎక్కువగా వదలకూడదు, అక్కడ ఒక గాడి దాటితే చాలు.

రేకు పర్లిన్‌ను పట్టుకున్నా, పర్లిన్ ఫ్రేమును పట్టుకోకపోతే అంతా కలిసి ఎగిరిపోతుంది. ఈ చోటును మన వైపు బాగా తేలిగ్గా తీసుకుంటారు. పర్లిన్ పైపును ఫ్రేము మీద పెట్టి నాలుగు చోట్ల చుక్క వెల్డింగ్ పెట్టి వదిలేస్తారు. వెల్డర్ చెప్పిన పది అడుగుల ఫ్రేము దూరంలో ముందు పైపే సరిపోదు. మామూలుగా వాడే 60 × 40 × 2 మిల్లీమీటర్ల పైపు మీద మీటరుకు 270 కిలోలు పైకి లాగితే, 3 మీటర్ల పొడవులో ఆ ఉక్కులో పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 460 న్యూటన్లు దాటుతుంది. ఆ పైపు ఉక్కు 310 దగ్గరే లొంగిపోతుంది. 9 మీటర్ల పొడవును నాలుగు భాగాలు చేసి 2.25 మీటర్లకొక ఫ్రేము పెట్టించండి, పర్లిన్‌గా 80 × 40 × 2.5 పైపు తీసుకోండి. అప్పుడు అంచు పర్లిన్‌లో కూడా ఒత్తిడి 180 లోపే ఉంటుంది.

అలా పెట్టాక అంచు పర్లిన్ ఒక్కో ఫ్రేము దగ్గర 317 × 2.25, అంటే 713 కిలోలతో పైకి లేవాలని చూస్తుంది, నడిమి పర్లిన్ 550 పైచిలుకు కిలోలతో. చుక్క వెల్డింగ్ దీన్ని మోయగలదా అని అడిగితే, కాగితం మీద కొంతవరకు మోస్తుంది. కానీ పలచని పైపు మీద వెల్డర్ చేయి ఆగితే గోడకు రంధ్రం పడుతుంది, ఆగకపోతే కరిగిన లోహం పైపులోకి దిగకుండా పైన ముద్దలా మిగులుతుంది. జింకు పూత కాలిపోయిన ఆ చోటుకే తుప్పు కూడా ముందు పడుతుంది. రంగు వేశాక ఏది పట్టిందో ఏది పట్టలేదో బయటికి తెలియదు. కాబట్టి ఫ్రేముకు 50 × 50 × 6 యాంగిల్ ముక్కను చుట్టూ నిండుగా వెల్డ్ చేయించి, దానికి పర్లిన్‌ను 12 మిల్లీమీటర్ల నట్టు బోల్టులు రెండింటితో బిగించడం మంచిది. ఆ బోల్టుల బలం ఈ భారానికి ఎన్నో రెట్లు మిగులు, తుప్పు పట్టిందా లేదా అన్నది ఎప్పుడైనా చూసి తెలుసుకోవచ్చు. వెల్డర్ ఒప్పుకోకపోతే కనీసం రెండు పక్కలా పైపు వెడల్పంతా తెగకుండా వెల్డ్ పెట్టించి, రంగుకు ముందు మీరే దగ్గరుండి చూడండి.

కప్పు మొత్తం మీద పైకి లాగే బలం 12 టన్నుల దాకా ఉంటుంది, అది పది స్తంభాలకు పంచితే సగటున ఒక్కోదానికి 1.2 టన్నులు. మిద్దె మీద షెడ్డుకు ఇది పెద్ద చిక్కు. శ్లాబు పైన సున్నపు పొరో టైల్స్ పొరో ఉంటే, బేస్ ప్లేటు యాంకర్ బోల్టులు ఆ పొరలోనే ఆగిపోతాయి, అవి ఏమీ పట్టుకోవు. ఆ పొరను తొలగించి, కింద పిల్లరు గానీ బీము గానీ ఉన్న చోటే స్తంభం వచ్చేలా చూసి, రంధ్రంలో కెమికల్ పోసి బిగించే యాంకర్లు వేయించండి. పలచని శ్లాబు నడుమ వేయాల్సి వస్తే మాత్రం ఇంజనీరును పిలిచి చూపించాల్సిందే.

పని పూర్తయ్యాక మీరే చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. పట్టపగలు షెడ్డు లోపల నిలబడి పైకి చూస్తూ ప్రతి పర్లిన్ వెంట నడవండి. స్క్రూ పర్లిన్‌లో దిగితే కిందనుంచి మొన కనిపించదు, పైపు లోపలే ఉంటుంది. పైపు పక్కన రేకులోంచి మొన వేలాడుతుంటే ఆ స్క్రూ పర్లిన్‌ను తప్పింది, అది లెక్కలో లేదు. తాడు లాగకుండా కంటి కొలతతో వేసిన కప్పుల్లో ఇలాంటివి వరుసకు ఒకటో రెండో ఉంటాయి. తర్వాత నిచ్చెన మీద నుంచి అంచు వరుస చూడండి. రబ్బరు వాషర్ లోహపు అంచు దాటి బయటికి పొంగి, చుట్టూ రేకు గుంటపడి ఉంటే మెషిన్‌తో అతిగా బిగించారని అర్థం, ఆ గుంట అంచునే బీట మొదలవుతుంది. స్క్రూ తలను స్పానరుతో తిప్పితే ఊరికే తిరుగుతుంటే పైపులో మరలు అరిగిపోయాయి. అదే రంధ్రంలో అలాంటి స్క్రూనే మళ్లీ వేయకుండా, 6.3 మిల్లీమీటర్ల లావు స్క్రూ వేయాలి. గాడి శిఖరం మీద వేసే స్క్రూ పొడవు గాడి ఎత్తు దాటి పైపు గోడలో పూర్తిగా దిగేలా ఉండాలి, 28 మిల్లీమీటర్ల గాడికి 55 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుంది. గాడి కింది తలంలో వేస్తే రేకు కదలిక తగ్గి బలం పెరుగుతుంది గానీ నీరు నిలిచి కారే భయం ఉంటుంది కాబట్టి కప్పుకు శిఖరం మీదే వేయిస్తాం. రేకుకూ రేకుకూ మధ్య అతుకు వెంట అర మీటరు లోపు దూరంలో చిన్న కుట్టు స్క్రూలు వేయించడం మరవకండి. అతుకు నోరు తెరిస్తే గాలికి అదీ ఒక అంచే.

కొన్నాళ్లకు స్క్రూ చుట్టూ రంధ్రం గుండ్రంగా కాక కోలగా మారినట్టు గానీ, తల చుట్టూ నక్షత్రంలా సన్నని గీతలు వచ్చినట్టు గానీ కనిపిస్తే ఆ రేకు బీటలు వారింది. అలాంటి చోట వెడల్పాటి వాషర్ వేసి బిగించడం తాత్కాలికమే, అక్టోబరు, నవంబరు తుఫానులకు ముందే ఆ రేకును మార్చేయాలి.

షట్టర్ గురించి చివరి మాట. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు షట్టర్ పట్టాలు గోడలోకి బోల్టులతో దిగి ఉన్నాయో లేదో చూసి, లోపలి నుంచి అడ్డంగా ఒక పైపు బిగించండి. షట్టర్ లోపలికి ఊడి పడిన క్షణంలో మీ కప్పు అంతటా చదరపు మీటరుకు మరో 30 కిలోలు పైకి నెట్టుడు కలుస్తుంది. అంచు వరుసలో 79 కిలోల దగ్గర ఉన్న స్క్రూలకు అది హద్దు దాటిస్తుంది. అందుకే ఆ వరుసకు వెడల్పాటి వాషర్లు తప్పనిసరి అన్నాను.